ఫీజు కట్టే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుందాం

(2025 జులైలో విజయవాడలో తల్లిదండ్రుల కోసం జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. కూర్చోండి, వెనకాల ఉన్నవాళ్ళు కూడా ముందుకు వచ్చి కూర్చోండి. మీ అందరి చేతికీ ఒక తెల్ల కాగితం ఇచ్చాం కదా. దాని మీద ఒకే ఒక్క విషయం రాయండి. మీ పిల్లవాడు గానీ, పాప గానీ ఇంజనీరింగో, డిగ్రీయో, ఏదైతే అనుకుంటున్నారో ఆ కాలేజీలో చేరే నెల, సంవత్సరం. ఎంత డబ్బు కావాలో ఇప్పుడే రాయకండి. తేదీ మాత్రమే రాయండి.

ఎందుకు తేదీ ముందు అడుగుతున్నాను? నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది "ఏ ఫండ్ మంచిదండీ?" అని మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు జవాబు తేదీ తెలియకుండా చెప్పలేం. పన్నెండేళ్ళ తర్వాత కావాల్సిన డబ్బుకు మంచిదైన ఫండే, పన్నెండు నెలల తర్వాత కావాల్సిన డబ్బుకు ప్రమాదం అవుతుంది. ఫండ్ మారలేదు. తేదీ దగ్గరికొచ్చింది, అంతే.

ఒక పాత లెక్క చెబుతాను. 2008 జనవరి మొదట్లో షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 20,800 దాటి ఉంది. ఆ ఏడాది కాలేజీలో చేరబోయే పిల్లల తల్లిదండ్రులు అప్పుడు స్టేట్‌మెంట్ చూసుకుంటే చాలా సంతోషంగా ఉండి ఉంటారు. జులై మధ్యకు వచ్చేసరికి సెన్సెక్స్ 12,500 దగ్గర ఉంది. ఆరు నెలల్లో 40 శాతం పోయింది. అంటే అయిదు లక్షలు ఉన్నచోట మూడు లక్షలు. ఫీజేమో తగ్గలేదు, తేదీ ఆగలేదు. ఆ తర్వాత మార్కెట్ ఇంకా పడింది, మళ్ళీ లేచింది, 2010 నవంబరులో 21,000 కూడా తాకింది. "చూశారా, ఓపిక పడితే తిరిగి వచ్చింది" అంటారు. నిజమే, వచ్చింది. కానీ అప్పటికి ఆ పిల్లవాడు మూడో సంవత్సరంలో ఉన్నాడు. మొదటి ఏడాది ఫీజుకు ఎవరు ఓపిక పట్టారు?

2020లోనూ ఇదే జరిగింది. జనవరిలో 12,300 పైన ఉన్న ఇంకో సూచీ నిఫ్టీ మార్చి 23 నాటికి 7,610కి వచ్చింది. రెండు నెలల్లో 38 శాతం. ఈ 38ని గుర్తుపెట్టుకోండి, ఇవాళ మనం దీన్ని రెండు మూడుసార్లు వాడబోతున్నాం.

ఇప్పుడు తేదీ సంగతి. చాలామంది కాగితం మీద "జులై" లేదా "ఆగస్టు" అని రాసి ఉంటారు. ఎందుకంటే ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ఆ రోజుల్లో ఉంటుంది. సీటు అలాట్ అయ్యాక ఫీజు కట్టడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. అయితే ప్రైవేటు యూనివర్సిటీ అనుకుంటున్నవాళ్ళు, మేనేజ్‌మెంట్ కోటా సీటు అనుకుంటున్నవాళ్ళు ఇంకా ముందుకు జరపాలి. అక్కడ ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే, ఏప్రిల్, మే నెలల్లోనే కట్టమంటారు. పిల్లవాడికి ఏ ర్యాంకు వస్తుందో ఇప్పుడు మనకు తెలియదు. కాబట్టి తేదీని ఏప్రిల్ ఒకటిగా పెట్టుకోండి. మూడు నెలలు ముందుగా సిద్ధంగా ఉంటే నష్టం ఏమీ లేదు.

ఇంకో మాట. మన దగ్గర ఖర్చు బీటెక్‌తో మొదలుకాదు, ఇంటర్‌తో మొదలవుతుంది. కార్పొరేట్ కాలేజీ, హాస్టల్, కోచింగ్ కలిపితే రెండేళ్ళకు ఎంతవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ డబ్బును బీటెక్ కోసం దాచినదాంట్లోంచి తీస్తే మనం వేసుకున్న లెక్క అంతా పోతుంది. దానికి వేరే తేదీ, వేరే ఖాతా పెట్టుకోండి. ఇవాళ నేను బీటెక్ గురించే చెబుతాను.

ఒక కుటుంబం లెక్క వేద్దాం. పాప ఇప్పుడు అయిదో తరగతి. 2033లో ఇంటర్ పూర్తవుతుంది. అంటే చేతిలో ఎనిమిదేళ్ళు. వాళ్ళు అనుకుంటున్న కాలేజీలో ఇవాళ ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి మూడు లక్షలు. ఇది ఏటా 8 శాతం పెరుగుతుందనుకుందాం. ఎనిమిదేళ్ళ తర్వాత మొదటి ఏడాదికి అయిదున్నర లక్షలు అవుతుంది. నాలుగో ఏడాదికి దాదాపు ఏడు లక్షలు. నాలుగేళ్ళూ కలిపితే 25 లక్షలు. పాప పేరు చెప్పి ఇప్పటికే ఈక్విటీ ఫండ్లలో, అంటే షేర్లలో పెట్టే ఫండ్లలో, అయిదు లక్షలు ఉన్నాయి. ఇకపై నెలకు 12,000 పెట్టగలరు.

అమ్మా, ఆ మూల నుంచి ఎవరో "సరిపోతుందా?" అన్నారు. చూద్దాం.

ఈ డబ్బులో ఎంత ఈక్విటీలో ఉండాలి, ఎంత డెట్‌లో ఉండాలి? డెట్ అంటే ఇక్కడ ఎఫ్‌డీలు, డెట్ ఫండ్లు, సుకన్య, అంటే స్థిరంగా వడ్డీ వచ్చేవి. దీనికి నేను వాడే లెక్క చాలా చిన్నది. కాలేజీకి ఇంకా ఎన్నేళ్ళు ఉన్నాయో చూసి, అందులోంచి ఒకటి తీసేసి, పదితో గుణించండి. ఎనిమిదేళ్ళుంటే ఏడు పదులు, 70 శాతం ఈక్విటీ. ఏడేళ్ళుంటే 60. అయిదేళ్ళుంటే 40. మూడేళ్ళుంటే 20. ఒక్క ఏడాది ఉంటే సున్నా. ఎనిమిదేళ్ళ కంటే ఎక్కువ ఉన్నా 70 దాటవద్దు. మిగతాదంతా డెట్. ఏడాదికి ఒక మెట్టు దిగుతాం. ఇంగ్లీషు పేరు వింటారు కాబట్టి చెబుతున్నాను, దీన్ని గ్లైడ్ పాత్ అంటారు.

ఇది శాస్త్రం తేల్చిన ఒకే ఒక్క మార్గం కాదు. 70 బదులు 75 పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, చివరి రెండేళ్ళూ సున్నా పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. నేను దీన్నే ఎందుకు చెబుతానంటే, ఏటా ఒకసారి నోటితో లెక్క కట్టి చేసేయొచ్చు. పైగా ఇందులో "ఇప్పుడు మార్కెట్ ఎలా ఉంది?" అన్న ప్రశ్న ఎక్కడా లేదు. క్యాలెండర్ ఒక్కటే ఉంది.

ఈక్విటీ మీద 10 శాతం, డెట్ మీద ఆరున్నర శాతం వస్తుందనుకుని, ఈ మెట్ల ప్రకారం దిగుతూ వెళ్తే, 2033 నాటికి ఈ కుటుంబం దగ్గర దాదాపు 24 లక్షల 50 వేలు ఉంటుంది. కావాల్సింది 25 లక్షలు, అదీ నాలుగేళ్ళలో కట్టేది. మిగిలిన డబ్బుకు ఆ మూడేళ్ళూ వడ్డీ వస్తుంది. కాబట్టి సరిపోతుంది. అయితే ఒక జాగ్రత్త. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న డెట్ ఫండ్ల లాభం మీద, ఎన్నేళ్ళు ఉంచినా, మీ స్లాబు ప్రకారం పన్ను కట్టాలి. ఎఫ్‌డీ వడ్డీకీ అంతే. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్ళు డెట్ మీద నాలుగున్నర శాతమే వస్తుందని లెక్క వేసుకోండి. అప్పుడు నెలకు 12,000 కాదు, 13,500 కావాలి. తేడా పదిహేను వందలే, కానీ ఇవాళ తెలిస్తే పదిహేను వందలు. ఎనిమిదో ఏడాది తెలిస్తే లక్షా ఎనభై వేల దాకా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. దీన్ని జాగ్రత్తగా వినండి, ఎందుకంటే చదువుకున్నవాళ్ళు, లెక్కలు బాగా వచ్చినవాళ్ళు కూడా ఇక్కడే పొరబడుతున్నారు.

"మేం ఎప్పుడో డెట్‌కు మారిపోయామండీ" అని చెబుతారు. ఎలా మారారు అని అడిగితే, "మూడేళ్ళ క్రితమే నెలనెలా కట్టే ఈక్విటీ సిప్ ఆపేసి డెట్ ఫండ్‌లో సిప్ పెట్టాం" అంటారు. మరి పాతది? "అది అలాగే ఉంది, పెరుగుతోంది కదా." చూడండి, సిప్ మార్చడం వేరు, డబ్బు మార్చడం వేరు. మూడేళ్ళు మిగిలినప్పుడు 16 లక్షలు ఈక్విటీలో ఉన్నాయనుకోండి. నెలకు 12,000 డెట్‌లో వేశారు. మూడేళ్ళకు డెట్‌లో చేరేది అయిదు లక్షల లోపే. ఈలోగా ఆ 16 లక్షలు, 10 శాతం చొప్పున, 21 లక్షలు దాటాయి. మొత్తంలో ఈక్విటీ ఎంత? 80 శాతం పైనే. కాలేజీ రేపు అనగా 80 శాతం ఈక్విటీలో ఉండి, మనసులో మాత్రం డెట్‌కు మారామనే నమ్మకం. అప్పుడు 2020 మార్చి లాంటిది వస్తే, 38 శాతం చొప్పున ఎనిమిది లక్షలు పోతాయి. ఈ కుటుంబం లెక్కలో అది ఒక ఏడాది ఫీజు కంటే ఎక్కువ.

మెట్లు దిగిన కుటుంబం చూడండి. మూడేళ్ళు మిగిలినప్పుడు వాళ్ళ దగ్గరా అదే 16 లక్షలు. కానీ ఈక్విటీలో 20 శాతమే, అంటే మూడు లక్షల పాతిక వేలు. అందులో 38 శాతం పోతే లక్షా పాతిక వేల లోపు. వాళ్ళ పది నెలల సిప్ అంత. బాధే, కానీ పూడ్చుకోగలిగిన బాధ. మూడేళ్ళ టైముంది.

కాబట్టి మీ స్టేట్‌మెంట్ చూసేటప్పుడు సిప్ ఎక్కడికి వెళ్తోందని చూడకండి. మొత్తం విలువలో ఈక్విటీ ఎంత, డెట్ ఎంత అని చూడండి. ఆ ఒక్క భాగహారం చేస్తే తెలిసిపోతుంది.

మరి ఏటా పెద్ద మొత్తాలు అమ్మాలా? ఇదే అందరి భయం. అసలు లెక్క వేస్తే ఆశ్చర్యపోతారు. ఈ కుటుంబం ఇవాళ అయిదు లక్షల్లో లక్షన్నర డెట్‌కు మారుస్తుంది, ఈక్విటీలో మూడున్నర లక్షలు మిగులుతాయి. ఈ మొదటి ఏడాది 12,000లో 2,500 మాత్రం ఈక్విటీకి, 9,500 డెట్‌కు. రెండో ఏడాది నుంచి 12,000 మొత్తం డెట్‌కే. ఈక్విటీ శాతం తగ్గుతూ పోతుంది, కానీ మొత్తం పెరుగుతూ ఉంది కాబట్టి, రూపాయల్లో ఈక్విటీ ఆ మధ్య ఏళ్ళలో నాలుగు, నాలుగున్నర లక్షల దగ్గరే ఆగి ఉంటుంది. అంటే ఆ ఏళ్ళలో మీరు అమ్మేది ఈక్విటీ మీద వచ్చిన పెరుగుదలనే, ఏడాదికి కొన్ని వేలు, కాస్త ముందుకు వెళ్ళాక లక్ష లోపు. చివరి మూడేళ్ళలోనే ఏటా లక్షా పాతిక వేలు, లక్షా డెబ్భై వేలు, ఆఖరుకు రెండు లక్షలు, అలా అమ్మాలి.

ఇక్కడ పన్ను విషయంలో కూడా మేలు ఉంది. ఏడాది దాటి ఉంచిన ఈక్విటీ ఫండ్ల లాభం ఆర్థిక సంవత్సరానికి లక్షా పాతిక వేల దాకా పన్ను లేదు, ఆ పైన పన్నెండున్నర శాతం. ఆ పరిమితి లాభానికి, అమ్మిన మొత్తానికి కాదు. ఏటా కొంచెం అమ్మితే ఆ పరిమితి ఏటా మీకు దొరుకుతుంది. అంతా ఆఖరి ఏడాది ఒకేసారి అమ్మితే ఒక్కసారే దొరుకుతుంది. ఇంట్లో వేరే షేర్లూ ఫండ్లూ అమ్మి ఉంటే వాటి లాభం కూడా ఇందులోనే కలుస్తుంది, అది మరవకండి. ఆఖరి మెట్టు పెద్దగా ఉంటే సగం మార్చిలో, సగం ఏప్రిల్లో అమ్మండి. రెండు ఆర్థిక సంవత్సరాలు అవుతాయి.

ఏ నెలలో మెట్టు దిగాలి? పాప పుట్టినరోజు పెట్టుకోండి, స్కూలు తెరిచే జూన్ పెట్టుకోండి, ఏదైనా ఒకటి. కానీ దాన్ని మార్చకండి. "ఈ నెల బాగా పెరుగుతోంది, ఇంకో రెండు నెలలు చూద్దాం" అని ఆగారంటే ఇక క్యాలెండర్ పోయినట్టే.

ఇప్పుడు ముందు వరుసలో కూర్చున్న మాస్టారు అడిగిన ప్రశ్న. "మార్కెట్ పడిపోయిన ఏడాది కూడా అమ్మాలా?" చాలా మంచి ప్రశ్న. అయిదేళ్ళు మిగిలి ఉన్నాయి. మొత్తం 11 లక్షల 30 వేలు, అందులో 40 శాతం, అంటే నాలుగున్నర లక్షలు ఈక్విటీ. మార్కెట్ 38 శాతం పడింది. ఈక్విటీ రెండు లక్షల 80 వేలు అయింది. మొత్తం తొమ్మిదిన్నర లక్షలు. ఇప్పుడు ఈక్విటీ శాతం ఎంత? 29. వచ్చే ఏడాది మీరు దిగాల్సిన మెట్టు ఎంత? 30. అంటే మీరు అమ్మాల్సింది ఏమీ లేదు! ఆ మెట్టు మార్కెట్టే దించేసింది. పడిన ఏడాది అమ్మాల్సిన పని దాదాపు ఉండదు. బాగా పెరిగిన ఏడాదేమో శాతం ఎక్కువైపోతుంది కాబట్టి ఎక్కువ అమ్ముతారు. మీరు మార్కెట్ వైపు చూడకుండానే ధర ఎక్కువున్నప్పుడు ఎక్కువ, తక్కువున్నప్పుడు తక్కువ అమ్మడం జరిగిపోతుంది.

ఇంకొందరు అడుగుతారు, పడినప్పుడు డెట్‌లోంచి తీసి ఈక్విటీలో వేసి మళ్ళీ 40కి తేవచ్చు కదా అని. అయిదేళ్ళు, అంతకన్నా ఎక్కువ ఉంటే వేయొచ్చు. నాలుగేళ్ళు, అంతకన్నా తక్కువ ఉంటే నేను వద్దంటాను. 2008 పతనం నుంచి పైకి రావడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది, ఈసారి అంతకంటే ఎక్కువ పట్టదని ఎవరు చెప్పగలరు?

అయితే పోయిన ఆ లక్షా 70 వేల సంగతేంటి? అది పోయింది, దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇక మార్కెట్ తిరిగి రాదు అనే అనుకుని లెక్క వేస్తే, మిగిలిన అయిదేళ్ళూ నెలకు ఇంకో 3,500 పెంచాలి. తిరిగి వస్తే ఆ పెంచినది మిగులుతుంది, సంతోషం. ఇది నేను దాచను. మెట్ల పద్ధతి నష్టాన్ని ఆపదు. నష్టం వచ్చినప్పుడు దాన్ని సరిచేసుకునే టైము మీకు మిగిలేలా చూస్తుంది. దీనికి ఒక ఖరీదు కూడా ఉంది. ఆఖరి మూడేళ్ళూ మార్కెట్ పరుగులు పెడితే, అంతా ఈక్విటీలోనే ఉంచిన పక్కింటివాళ్ళకు మీకంటే ఎక్కువ వస్తుంది. అది భరించాలి.

డెట్ భాగం గురించి రెండు మాటలు. డెట్ అనగానే అన్నీ ఒకటే అనుకోవద్దు. మనం ఈక్విటీ వదిలింది తేదీ నాటికి డబ్బు చేతిలో ఉండాలని. కాబట్టి ఎక్కువ వడ్డీ ఆశ చూపించి, తక్కువ రేటింగ్ ఉన్న కంపెనీలకు అప్పిచ్చే క్రెడిట్ రిస్క్ ఫండ్లూ వద్దు, ప్రభుత్వ బాండ్లలో పెట్టినా వడ్డీ రేట్లు మారితే బాగా ఊగే దీర్ఘకాల గిల్ట్ ఫండ్లూ వద్దు. 2020 ఏప్రిల్లో ఒక పెద్ద ఫండ్ సంస్థ ఆరు డెట్ పథకాలను ఒక్కరోజులో మూసేసింది. డబ్బు తర్వాత విడతలు విడతలుగా వచ్చింది, కానీ ఆ ఏడాది ఫీజుకు అందులో పెట్టుకున్నవాళ్ళ పరిస్థితి ఊహించండి. మూడు, నాలుగేళ్ళు ఉంటే తక్కువ కాలపు బాండ్లలో పెట్టే షార్ట్ డ్యురేషన్ ఫండో, బ్యాంకు ఎఫ్‌డీయో చాలు. ఆఖరి ఏడాది డబ్బు లిక్విడ్ ఫండ్‌లో గానీ, ఏప్రిల్‌కు ముగిసే ఎఫ్‌డీలో గానీ ఉండాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులు సుకన్యను డెట్ భాగంగా లెక్కవేసుకోవచ్చు. 2025 జులై నాటికి వడ్డీ 8.2 శాతం, పన్ను లేదు, డెట్‌లో అంతకంటే మంచిది దొరకదు. కానీ తేదీ చూడండి. ఆ ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్ళకు ముగుస్తుంది. పాపకు మూడేళ్ళప్పుడు తెరిస్తే 24 ఏళ్ళకు. చదువు కోసం మధ్యలో తీసుకోవచ్చు, పద్దెనిమిది నిండినా, పదో తరగతి పాసైనా తీసుకోవచ్చు, కానీ ముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం వరకే. కాబట్టి మీ లెక్కలో సుకన్యను సగమే వేసుకోండి. పీపీఎఫ్‌కు కూడా తేదీ చూసుకోవాలి. 2018 జూన్‌లో తెరిచినది పదిహేనేళ్ళకు, 2033 జూన్‌కు వస్తుందనుకుంటారు. రాదు. తెరిచిన ఆర్థిక సంవత్సరం ముగిశాక పదిహేనేళ్ళు, అంటే 2034 ఏప్రిల్. మన పాప కాలేజీలో చేరిన తర్వాత!

మొదటి ఏడాది ఫీజు కట్టేశాక మిగిలినది ఏం చేయాలి? నాలుగో ఏడాది ఫీజుకు ఇంకా మూడేళ్ళు ఉంది కదా. ఓపిక ఉన్నవాళ్ళు నాలుగేళ్ళ ఫీజును నాలుగు వేర్వేరు తేదీలుగా చూసి, ఒక్కోదానికీ అదే లెక్క వేసుకోవచ్చు. అలా చేస్తే, కాలేజీకి ఏడాది ముందు కూడా మొత్తంలో 15 శాతం దాకా ఈక్విటీలో ఉంచవచ్చు. అంత లెక్క వద్దనుకునేవాళ్ళు మొదటి తేదీకే అంతా డెట్‌కు తెచ్చేయండి. నేను మా అబ్బాయికి అలాగే చేశాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇది ఫారం నింపే రోజు ఎవరూ చెప్పరు. "పాప పేరు మీదే ఫండ్ పెడదాం" అనిపిస్తుంది. పెట్టొచ్చు. కానీ పాపకు పద్దెనిమిది నిండిన రోజు ఆ ఫోలియో, అంటే ఫండ్ సంస్థలో ఉన్న ఆ ఖాతా, ఆగిపోతుంది. సిప్ ఆగుతుంది, అమ్మడం కుదరదు. పాప పేరున పాన్, కేవైసీ, సొంత బ్యాంకు ఖాతా అన్నీ పెట్టి, మేజర్‌గా మార్పించాకే మళ్ళీ కదులుతుంది. మన పిల్లలకు పద్దెనిమిది ఎప్పుడు నిండుతుంది? సరిగ్గా ఇంటర్ రెండో ఏడాదో, కౌన్సెలింగ్ రోజుల్లోనో. నాకు తెలిసిన ఒక తండ్రి, కొడుకు పుట్టినరోజు జూన్‌లో. డబ్బు అంతా ఉంది, సీటూ వచ్చింది, ఫీజు గడువు నాలుగు రోజులు. ఫోలియో కదల్లేదు. బంధువుల దగ్గర చేబదులు తీసుకుని కట్టాడు. కాబట్టి మీ పేరు మీదే పెట్టండి, నామినీగా పాపను రాయండి. ఇప్పటికే పిల్లల పేరున ఉంటే, ఆఖరి మెట్లను పద్దెనిమిది నిండేలోపే దిగి, డబ్బును పిల్లల బ్యాంకు ఖాతాకు తెచ్చుకోండి. మైనర్ పేరున వచ్చిన లాభం ఎలాగూ తల్లిదండ్రుల ఆదాయంలోనే కలుపుతారు, పన్నులో మిగిలేది ఏమీ లేదు.

ఇప్పుడు ఆ కాగితాలు తీయండి. మీరు రాసిన తేదీ జులై అయితే కొట్టేసి ఏప్రిల్ చేయండి. దాని కింద పిల్లలకు పద్దెనిమిది నిండే తేదీ రాయండి. ఆ కింద ఇవాళ మీ దగ్గర ఈక్విటీలో ఎంత ఉందో, డెట్‌లో ఎంత ఉందో రాసి ఇటు పంపండి. టీ తాగేలోపు ఒక్కొక్కరిదీ ఏ మెట్టు మీద ఉందో కలిసి చూద్దాం.